ఆకలి లేదు, రుచి కూడా లేదు, అయినా చెయ్యి డబ్బాలోకి పోతోంది. ఎందుకు?

వేసవిమల్లె

అందరికీ నమస్కారం. విజయవాడలో హైస్కూల్ టీచర్‌ని, వయసు 43. సాయంత్రం అయిదింటికి ఇల్లు చేరతాను. చెప్పులు విప్పి, బ్యాగు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, వంటింటి సింకులో చేతులు కడుక్కుంటాను. సింకు పక్కనే గట్టు మీద స్టీలు డబ్బా ఉంటుంది. అందులో చేగోడీలో, కారప్పూసో, మిక్చరో ఏదో ఒకటి ఉంటుంది. నిలబడే తినేస్తాను. ఎంత తిన్నానో డబ్బా అడుగు కనపడితే గానీ తెలియదు.

ఈ మధ్య హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. ఇంకా షుగర్ కాదు గానీ ఆ దారిలోనే ఉన్నారు, సాయంత్రం చిరుతిండి ఆపండి అన్నారు డాక్టర్ గారు. నేను చెప్పేది జీవశాస్త్రం. ఏం తింటే ఏమవుతుందో తెలియని మనిషిని కాను. ప్రతి రోజూ స్కూల్లో బయల్దేరేటప్పుడు ఇవాళ తినకూడదు అనుకునే వస్తాను.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది ఇంకొకటి. మొన్నటి వానలకి మూత సరిగా పడక కారప్పూస మెత్తబడిపోయింది. కొంచెం చిక్కు వాసన కూడా వస్తోంది. నోట్లో పెట్టుకోగానే బాగాలేదని తెలిసింది. తెలిసాక కూడా ఇంకో గుప్పెడు తీశాను. ఇన్నేళ్లూ రుచి కోసం తింటున్నాననే అనుకున్నాను. రుచే లేనప్పుడు ఎందుకు తిన్నట్టు? దీని వెనక మనసు ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి.

రమణ_కూకట్‌పల్లి

మేడమ్, దీనికి ఇంత ఆలోచన అక్కర్లేదు. ఏ అలవాటైనా 21 రోజులు ఆపితే పోతుంది. పళ్లు బిగబట్టి మూడు వారాలు ఆ డబ్బా ముట్టుకోకండి. కలుపు మొక్కని వేళ్లతో సహా పీకేస్తే మళ్లీ రాదు కదా, అంతే. నేను పొద్దున్నే లేవడం అలా అలవాటు చేసుకున్నవాణ్నే.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్

అమ్మా, సాయంత్రం పూట కారప్పూస బదులు ఉడకబెట్టిన శనగలు తిను. రాత్రే నానబెట్టుకుని, పొద్దున కుక్కర్లో నాలుగు కూతలు రానిచ్చి, కాస్త ఉప్పు, ఎండుమిర్చి తాలింపు పెట్టుకుంటే గుగ్గిళ్లు సిద్ధం. కడుపు నిండుతుంది, పీచు ఉంటుంది. మా ఇంట్లో ఎప్పట్నుంచో ఇదే.

వేసవిమల్లె

ధన్యవాదాలు బాబాయ్ గారూ. ఏం తినాలన్నది నా ప్రశ్న కాదండీ. తినొద్దనుకుని కూడా ఎందుకు తింటున్నానా అన్నది. కానీ గుగ్గిళ్లు రేపే చేస్తాను.

తుంగభద్ర

మల్లె గారూ, నేను కర్నూలులో క్లినికల్ సైకాలజిస్టుని. మీ మెత్తబడిన కారప్పూస చదవగానే ఒక ప్రయోగం గుర్తొచ్చింది. అది అచ్చంగా మీ ప్రశ్నే.

డేవిడ్ నీల్, వెండీ వుడ్ అనే పరిశోధకులు, వాళ్ల సహచరులు 2011లో అమెరికాలో ప్రచురించారు. సినిమా హాల్లోకి వెళ్లేవాళ్లకి పాప్‌కార్న్ ఇచ్చారు. కొందరికి అప్పుడే వేయించినది, కొందరికి ఏడు రోజుల నాటి మెత్తబడినది. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు లేనివాళ్లు పాతది రుచి చూసి వదిలేశారు. అలవాటు గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం తాజాది ఎంత తిన్నారో పాతదీ దాదాపు అంతే తిన్నారు. అడిగితే బాగాలేదనే చెప్పారు. అంటే నాలుక తన పని తాను చేసింది. చెయ్యి దాని మాట వినలేదు.

అసలు విషయం దీని తర్వాతది. ఇదే తరహా అలవాటున్నవాళ్లని సినిమా హాల్లో కాకుండా ఒక మీటింగ్ గదిలో కూర్చోబెట్టి మ్యూజిక్ వీడియోలు చూపించారు. అక్కడ పాత పాప్‌కార్న్‌ని వాళ్లూ పక్కన పెట్టేశారు. తిండి అదే, మనుషులూ అలాంటివాళ్లే, మారింది చోటు ఒక్కటే.

అలవాటు పడే రోజుల్లో రుచి, ఊరట, ఆ పూట దొరికిన ఏదో ఒక సుఖం చాలా ముఖ్యం. అదే మనల్ని రెండోసారి, పదోసారి అక్కడికి తీసుకెళ్తుంది. ప్రతిసారీ ఆ చోటు, ఆ వేళ, దానికి ముందు చేసిన పని కూడా మెదడులో ఆ తినడంతో ముడిపడతాయి. ముడి బిగిశాక సంకేతం కనిపిస్తే చాలు, పని మొదలైపోతుంది. ఇవాళ ఆ సుఖం దొరుకుతుందా లేదా అని మెదడు లెక్క వేసుకోవడం తగ్గిపోతుంది. అందుకే రుచి పోయినా మీ చెయ్యి ఆగలేదు. స్కూల్లో బయల్దేరేటప్పుడు మీరు తీసుకునే నిర్ణయం నిజమైనదే. కాకపోతే అది స్కూల్లో తీసుకున్నది, చెయ్యి పనిచేసేది సింకు దగ్గర.

రమణ_కూకట్‌పల్లి

మంచి విషయం చెప్పారు. కానీ 21 రోజుల సంగతి ప్రపంచమంతా అంటున్నదే కదా సార్?

తుంగభద్ర

మేడమ్ అనండి పర్లేదు :)

రమణ గారూ, ఆ అంకె మ్యాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాట నుంచి వచ్చింది. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. తర్వాత చెప్పుకునేవాళ్లు 'కనీసం' అన్న మాట వదిలేశారు. పైగా అది చిరుతిండి గురించో వ్యాయామం గురించో కాదు.

కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం. 96 మందిని 12 వారాలు గమనించారు. ఒక్కొక్కరూ ఒక కొత్త పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భానికి జతచేసి చేశారు. టిఫిన్ అయ్యాక గ్లాసు నీళ్లు తాగడం లాంటివి. ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. కానీ 18 రోజుల్లో వచ్చినవాళ్లున్నారు, లెక్క ప్రకారం 254 రోజులు పట్టేవాళ్లూ ఉన్నారు. నీళ్లు తాగడం త్వరగా పడింది, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. మధ్యలో ఒక రోజు తప్పిపోతే పెద్ద నష్టమేం జరగలేదని కూడా తేలింది. నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను ముందు చెప్పేది ఈ చివరి మాటే. ఒక్క రోజు తప్పగానే అంతా పోయిందనుకుని మానేసేవాళ్లే ఎక్కువ.

ఇదంతా కొత్త అలవాటు పడటం గురించి. పాతది పోవడానికి ఇన్ని రోజులు అని చెప్పలేం. మీరన్న కలుపు మొక్క పోలిక దగ్గర నేను ఒప్పుకోలేనిది కూడా అదే. పాతది వేళ్లతో రాదు. దాని మీద కొత్తది పేరుకుంటుంది, అడుగున పాతది ఉంటూనే ఉంటుంది.

నల్లగొండ_శ్రీను

మేడమ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాకు సిగరెట్ అలవాటుండె. హైదరాబాద్‌లో ఉద్యోగం, పూర్తిగా మానేసిన. చాలా నెలలు తాగలే, మనసు గుంజలే కూడా. మొన్న చుట్టాల పెళ్లికని ఊరికి పోయిన. రాత్రి భోజనాలైనంక బస్టాండ్ పక్క పాన్ డబ్బా కాడ నిలబడ్డం, డిగ్రీ చదివేటప్పుడు అక్కడ్నే నిలబడేటోళ్లం. దోస్తు పెట్టె తీసిండు. నేను అడగకముందే నా చెయ్యి ముందుకు పోయింది. నాకే అర్థం కాలే. ఇన్ని నెలల కష్టం ఏమైనట్టు?

తుంగభద్ర

శ్రీను గారూ, మీ కష్టం ఎక్కడికీ పోలేదు. సిగరెట్ లేకుండా ఉండటం మీరు నేర్చుకున్నది హైదరాబాద్‌లో, ఆ ఆఫీసు, ఆ రూము, ఆ మనుషుల మధ్య. పాన్ డబ్బా దగ్గర నేర్చుకోలేదు. మార్క్ బౌటన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు జంతువుల మీద చూపించింది ఇదే. ఒక చోట ఆగిపోయిన స్పందన, మొదట నేర్చుకున్న చోటికి తిరిగి తీసుకెళ్తే మళ్లీ లేస్తుంది. కాబట్టి అది మీ గుణం బలహీనమని చెప్పే విషయం కాదు. ఊరెళ్లే ముందే ఆ పాన్ డబ్బా వేళకి ఏం చేస్తారో అనుకుని వెళ్లాలి. భోజనం కాగానే చేతిలో సోంపు, కాళ్లు ఇంకో దారి పట్టడం, అలాంటిది ఏదైనా.

ఇంకో మాట. సిగరెట్‌ని చేగోడీలతో కలిపి చూడకండి. అందులో అలవాటుతో పాటు నికోటిన్ కూడా ఉంది, శరీరమే దాన్ని అడుగుతుంది. మళ్లీ మొదలవుతోందనిపిస్తే డాక్టర్‌ని కలవండి, నికోటిన్ గమ్ లాంటివి వాళ్లు చెప్తారు. ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-2356 కూడా ఉంది.

కిరణ్_డేటా

ఇదంతా మెదడులో డోపమైన్ అనే రసాయనం పని కదండీ. తినగానే డోపమైన్ వస్తుంది, దానికి బానిసలం అవుతాం. ఒక వారం ఫోన్, తీపి, చిరుతిండి అన్నీ ఆపేసి డోపమైన్ డీటాక్స్ చేస్తే మెదడు రీసెట్ అవుతుందని చాలా వీడియోల్లో చూశాను.

తుంగభద్ర

కిరణ్ గారూ, డోపమైన్‌కి సంబంధం ఉందన్నది నిజం. తినగానే వచ్చే సుఖం అదే అన్నది సరికాదు. వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదళ్లలో ఒక్కో డోపమైన్ కణాన్ని గమనించాడు. మొదట్లో పళ్లరసం చుక్క నోట్లో పడ్డప్పుడు ఆ కణాలు చురుగ్గా పనిచేశాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక లైటు వెలుగుతుందని కోతికి తెలిశాక, ఆ చురుకుదనం లైటు దగ్గరికి జరిగిపోయింది. రసం వచ్చినప్పుడు పెద్ద మార్పేం లేదు. లైటు వెలిగి రసం రాకపోతే మాత్రం, సరిగ్గా రావలసిన క్షణాన కణాలు మామూలు కంటే తగ్గిపోయాయి.

దీన్ని మల్లె గారి వంటింట్లో పెట్టి చూడండి. అక్కడ లైటు ఆ స్టీలు డబ్బా, చేతి మీద పడే నీళ్లు. లాగడం అక్కడే మొదలవుతుంది, తినకముందే. ఇక 'ఇవాళ తినను' అని డబ్బా ముందే నిలబడితే, రావలసినది రాలేదన్న వెలితి ఆ క్షణాన గట్టిగా ఉంటుంది. ఆ మొదటి రోజుల్లో చిరాకు, మామూలు కంటే ఎక్కువ తినాలనిపించడం సహజం. చాలామంది దాన్ని చూసి 'నా వల్ల కాదు' అనుకుంటారు.

వారం అన్నీ మానేసి మెదడుని రీసెట్ చేయడం అన్నదానికి ఈ ప్రయోగాల్లో ఆధారం లేదు. వారం తర్వాత కూడా డబ్బా అక్కడే ఉంటుంది, మీరు ఆ సింకు దగ్గరికే వస్తారు.

వేసవిమల్లె

మేడమ్, చదువుతుంటే నా వంటిల్లు మీరు చూసినట్టే ఉంది. అయితే ఏం చేయమంటారు?

తుంగభద్ర

ముందు ఏమీ మార్చకండి. ఒక వారం పాటు, డబ్బా తీసినప్పుడల్లా ఒక చీటీ మీద గంట, ఎక్కడున్నారు, దానికి ముందు ఏం చేశారు, పక్కన ఎవరున్నారు, మనసెలా ఉంది రాయండి. తీయని రోజు కూడా రాయండి, అదే ఎక్కువ పనికొస్తుంది. ఎంత తిన్నారో రాయక్కర్లేదు, రాస్తే మిమ్మల్ని మీరే తిట్టుకోవడం మొదలెడతారు.

సుజాత_డాలస్

నాది దీనికి తిరగబడ్డ కథ. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు రోజూ పొద్దున కాలనీ పార్కులో నడిచేదాన్ని. పాలప్యాకెట్ తేవడానికి కిందికి దిగితే అటే పార్కుకి వెళ్లిపోయేదాన్ని. డాలస్ వచ్చాక నడక మొత్తం పోయింది. ఇక్కడ పాలు వారానికోసారి కారులో తెస్తాం. బద్ధకం వచ్చిందని మా ఆయన అంటారు. బద్ధకం కాదని నాకు తెలుసు, ఎందుకో చెప్పలేకపోయాను. ఇప్పుడర్థమైంది, పాలప్యాకెట్ పోయింది.

తుంగభద్ర

సరిగ్గా పట్టుకున్నారు. ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి మారిన విద్యార్థుల మీద 2005లో వుడ్ బృందం ఇలాంటిదే గమనించింది. వ్యాయామం, పేపర్ చదవడం, టీవీ చూడటం లాంటివి కొత్త చోట కూడా అదే సందర్భంలో చేయగలిగినవాళ్లకి నిలిచాయి. సందర్భం మారినవాళ్ల పాత అలవాట్లు తెగిపోయాయి. అప్పుడు వాళ్లు చేసేది వాళ్లు నిజంగా ఏం అనుకుంటున్నారో దాన్ని బట్టి నడిచింది. ఊరు మారడం చెడు అలవాటు వదలడానికి మంచి సమయం. మంచిది కూడా అదే ఊపులో పోతుంది, అది ఎవరూ చెప్పరు.

వేసవిమల్లె (వారం తర్వాత)

చీటీలు ముందేసుకుని కూర్చున్నాను. ఆదివారం అసలు డబ్బా వైపే వెళ్లలేదు, అదే గట్టు, అదే డబ్బా, రోజంతా వంటింట్లోనే ఉన్నాను. ఒక రోజు తోటి టీచర్ బండి మీద అటు నుంచి అటే రైతుబజారుకి వెళ్లి సంచీతో ఆరు దాటాక వచ్చాను. ఆ రోజూ లేదు. ఆకలి మాత్రం ఆ రోజే ఎక్కువ. ఆఖరి పీరియడ్ ఎనిమిదో తరగతి ఉన్న రోజుల్లో ఎక్కువసేపు నిలబడి తిన్నాను.

బాబాయ్ గారి గుగ్గిళ్లు కూడా చేశాను. స్కూల్లోనే బయల్దేరే ముందు గిన్నెడు తినేసి వచ్చాను. కడుపు నిండుగా ఉంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, తడి చేతుల్తోనే డబ్బా మూత తీశాను.

తుంగభద్ర

బాబాయ్ గారికి మనందరం థాంక్స్ చెప్పాలి. తెలియకుండానే మంచి పరీక్ష పెట్టించారు. కడుపు నిండినా చెయ్యి వెళ్లిందంటే కారణం ఆకలి కాదు. ఆదివారం డబ్బా కళ్లెదుటే ఉన్నా వెళ్లలేదంటే డబ్బా ఒక్కటే సంకేతం కాదు. స్కూలు నుంచి రావడం, బ్యాగు, సింకు, డబ్బా వరుసగా జరిగితేనే ఆ దారి తెరుచుకుంటోంది.

ఇక మిగిలింది, అందులో మీకు దొరుకుతున్నది ఏమిటి? ఎనిమిదో తరగతి రోజు ఎక్కువ తింటున్నారు. నా అనుమానం, మీకు దొరికేది తిండి కాదు. ఆ నిలబడ్డ పది నిమిషాలు ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగరు. అనుమానమే, తేల్చుకుందాం. ఒక రెండు రోజులు రాగానే పండు తినండి. తర్వాత రెండు రోజులు గ్లాసు మజ్జిగ. తర్వాత రెండు రోజులు ఏమీ తినకుండా, ఎవరితో మాట్లాడకుండా ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చోండి. ఒక్కోదాని తర్వాత పావుగంట ఆగి, డబ్బా ఇంకా గుర్తొస్తోందా లేదా రాసుకోండి.

కిరణ్_డేటా

ఒక సందేహం మేడమ్. ఇన్ని తక్కువ రోజుల్లో తేలే విషయం కాదు కదా. ఎనిమిదో తరగతి ఏ వారాల్లో పడిందో, ఆ రోజు ఇంట్లో ఏమైందో కూడా కలిసిపోతుంది. పైగా తను రాస్తోంది కాబట్టి రాయడం వల్లే మారిపోవచ్చు.

తుంగభద్ర

రెండూ నిజమే. మొదటిదానికి జవాబు, ఇది పరిశోధన కాదు, తర్వాత ఏం ప్రయత్నించాలో ఎంచుకోవడానికి ఒక ఆధారం. తప్పయితే ప్రయత్నంలోనే తెలిసిపోతుంది. రెండోదాని సంగతి, రాయడం వల్ల తగ్గితే మంచిదే. గట్టి అలవాటు విషయంలో ఆ క్షణాన తనను తాను గమనించుకోవడం పనిచేసే ఉపాయాల్లో ఒకటి. కాకపోతే గమనిక సడలగానే పాతది వస్తుంది.

మీకు నచ్చే ఇంకో విషయం చెప్తాను. ఒక పనిని ఎక్కువసార్లు చేయిస్తే అది ఫలితంతో సంబంధం లేకుండా జరిగిపోతుందని ఎలకల్లో చాలా ఏళ్ల కిందటే చూపించారు. మనుషుల్లో అదే సాధనతో ల్యాబులో అలవాటు తయారుచేద్దామని డచ్ పరిశోధకురాలు సానె డి విట్ బృందం అయిదు ప్రయోగాలు చేసి, అయిదూ ఫలించలేదని 2018లో దాచకుండా ప్రచురించింది. బయటి జీవితంలో అలవాటు కళ్లకి కనపడుతూనే ఉంది, ల్యాబులో ఎందుకు చేతికి చిక్కదన్నది మా రంగంలో ఇంకా వాదనే. ల్యాబులో గడిపే కాలం చాలదని కొందరు, మనుషులు చివరిదాకా ఎంతో కొంత ఆలోచిస్తూనే ఉంటారని కొందరు.

వేసవిమల్లె (మరికొన్ని రోజులకి)

పండు తిన్న రోజుల్లో పండూ తిన్నాను, డబ్బా కూడా తీశాను. మజ్జిగతో కొంచెం నయం. ఫ్యాను కింద కూర్చున్న మొదటి రోజు మా అత్తయ్య వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు, కుదరలేదు. రెండో రోజు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పావుగంట తర్వాత చీటీ రాయడానికి లేచినప్పుడు గానీ డబ్బా గుర్తు రాలేదు.

ఇక్కడో చిక్కుంది. ఆ చేగోడీలు అత్తయ్య చేస్తారు. 'కోడలు స్కూలు నుంచి అలిసిపోయి వస్తుంది' అని వారం వారం నా కోసం చేస్తారు. డబ్బా గట్టు మీంచి తీసేస్తే ఆవిడ నొచ్చుకుంటారు.

రిటైర్డ్_పోస్ట్‌మాస్టర్

అమ్మా, డాక్టర్ కాగితం ఆవిడకి చూపించు. పెద్దవాళ్లకి షుగర్ అంటే అర్థమవుతుంది. చెయ్యొద్దని చెప్పకు, బాధపడుతుంది. నాకు రాత్రి అన్నంలోకి నంజుకోవడానికి రెండు పెట్టు అత్తయ్యా అని ఆవిడ చేత్తోనే పెట్టించుకో.

తుంగభద్ర

బాబాయ్ గారి సలహా నేను చెప్పబోయేదాని కంటే బాగుంది. ఆవిడ పెడితే ప్లేటులో లెక్కగా వస్తాయి, వేళ మారుతుంది, చోటు మారుతుంది, నిలబడి తినడం ఉండదు.

మీరు చేయవలసింది వరుసని మొదట్లోనే తెంపడం. బ్యాగు డైనింగ్ టేబుల్ దాకా రానివ్వకండి, పడకగదిలో పెట్టండి. చేతులు బాత్రూములో కడుక్కోండి. డబ్బా అల్మారా పై అరలో, స్టూలు వేసుకుంటే గానీ అందనంత ఎత్తున ఉండాలి. ఆ పాప్‌కార్న్ వాళ్లు ఇంకో ప్రయోగంలో సినిమా హాల్లోనే కొందరిని అలవాటు లేని చేత్తో తినమన్నారు. అంత చిన్న ఇబ్బందికే పాత పాప్‌కార్న్ తినడం తగ్గింది. చెయ్యి ఒక్క క్షణం తడబడితే చాలు, మీ నిర్ణయం అందుకునే వీలు దొరుకుతుంది. స్టూలు చేసే పని అది.

ఆ తర్వాత ఒక వాక్యం రాసి పెట్టుకోండి: 'చెప్పులు విప్పగానే బ్యాగు పడకగదిలో పెట్టి బాల్కనీ కుర్చీలో కూర్చుంటాను.' ఇలా ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే కట్టుకునే ప్రణాళికల మీద జర్మనీలో పీటర్ గోల్‌విట్జర్ చాలా పని చేశారు. ఒక్క జాగ్రత్త. 'చెప్పులు విప్పగానే చేగోడీలు తినను' అని రాయకండి. ఇంటికొచ్చిన వేళనీ చేగోడీలనీ ఆ వాక్యమే ఇంకాస్త దగ్గరగా ముడేస్తుంది. మారీకే అడ్రియాన్‌సే బృందం నెదర్లాండ్స్‌లో 2011లో ఇదే చూసింది. 'తినను' అని ప్రణాళిక వేసుకున్నవాళ్లకి పాత అలవాటు తగ్గకపోగా బలపడింది.

రమణ_కూకట్‌పల్లి

అంటే పట్టుదల అసలు పనికిరాదంటారా? నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు మేడమ్. నేను పొద్దున లేవడం పట్టుదలతోనే సాధించాను.

తుంగభద్ర

పనికిరాదని అనను. లేవడం మొదలెట్టిన రోజుల్లో అలారం ఎక్కడ పెట్టేవారు రమణ గారూ?

రమణ_కూకట్‌పల్లి

హాల్లో, టీవీ దగ్గర. మంచం దిగి వెళ్లి ఆపాలి. ఆపాక అక్కడే బాల్కనీ తలుపు తీసేవాణ్ని, మా ఆవిడ కాఫీ ఇచ్చేది. అయినా దిగి వెళ్లింది నేనే కదండీ.

తుంగభద్ర

కచ్చితంగా మీరే. అలారాన్ని రాత్రి హాల్లో పెట్టిందీ మీరే, నా దృష్టిలో మీ పట్టుదల ఎక్కువగా పనిచేసింది అక్కడ. దీన్ని మనం ఒప్పుకోనవసరం లేదు, మీ మాటలోనూ బలం ఉంది.

వేసవిమల్లె (చాలా వారాల తర్వాత)

ఒక కబురు, ఒక ప్రశ్న. బాల్కనీ కుర్చీ బాగానే నిలిచింది. అత్తయ్య రాత్రి ప్లేటులో రెండు చేగోడీలు పెడుతున్నారు, వాటి రుచి ఇప్పుడు తెలుస్తోంది. కానీ పదో తరగతి పేపర్లు దిద్దే డ్యూటీ పడిన రోజుల్లో రెండు మూడు సార్లు స్టూలెక్కాను. ఎక్కుతున్నానని తెలుస్తూనే ఎక్కాను. ఇప్పుడు వేసవి సెలవులు, అసలు గుర్తే రావట్లేదు. పోయినట్టేనా?

తుంగభద్ర

పేపర్ల డ్యూటీ రోజుల్లో అలా జరగడం నాకు ఆశ్చర్యంగా లేదు. అలిసిపోయినప్పుడు మనిషి ఏది బాగా అలవాటైతే దానిమీద పడతాడు. పరీక్షల రోజుల్లో విద్యార్థుల్ని గమనించినప్పుడు తీపి టిఫిన్ అలవాటున్నవాళ్లు అదే ఎక్కువ తిన్నారు, ఒంటికి మంచి టిఫిన్ అలవాటున్నవాళ్లు అదీ ఎక్కువే తిన్నారు. మీ కుర్చీ ఇంకా కొత్తది, చేగోడీలకి ఏళ్ల సాధన ఉంది. 'తెలుస్తూనే ఎక్కాను' అన్నారు చూడండి, డబ్బా అడుగు కనపడితే గానీ తెలియని స్థితి అయితే కాదది.

సెలవుల్లో గుర్తు రాకపోవడం మాత్రం పోయినట్టు కాదు. స్కూలు నుంచి రావడమే లేనప్పుడు సంకేతం ఎక్కడిది? శ్రీను గారి హైదరాబాద్ నెలల్లాంటివే ఇవి. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారం చూడాలి. తెరిచే ముందు రోజే కుర్చీ బాల్కనీలో ఉందో లేదో, డబ్బా మళ్లీ గట్టు మీదికి దిగిందో లేదో చూసుకోండి. సెలవుల్లో పిల్లల కోసం తప్పకుండా దిగి ఉంటుంది.

వేసవిమల్లె

దిగింది మేడమ్. ఇప్పుడే వెళ్లి చూశాను.

సుజాత_డాలస్

నా నడక సంగతి కూడా చెప్పండి మేడమ్. పాపని స్కూల్ బస్సు ఎక్కించడానికి రోజూ పొద్దున వీధి చివరిదాకా వెళ్తాను. బస్సు కదలగానే ఇంటికి తిరక్కుండా అటే నడుద్దామని అనుకుంటున్నా. నడక బూట్లు వేసుకునే దింపడానికి వెళ్తాను. కానీ ఇక్కడా ఇప్పుడు సెలవులే, ఆగస్టు దాకా బస్సు రాదు.

తుంగభద్ర

బస్సు చాలా మంచి సంకేతం, రోజూ ఒకే వేళకి వస్తుంది, మీరు మర్చిపోలేరు. అందుకని ఆగస్టు దాకా ఆగక్కర్లేదు. ఈలోపు పొద్దున మీరు ఏం చేసినా చేయకపోయినా తప్పకుండా జరిగే పని ఇంకేముంది? అది చెప్పండి, దాన్నుంచి మొదలెడదాం.

సుజాత_డాలస్

మా ఆయన ఏడున్నరకి కారు తీస్తారు. గ్యారేజీ తలుపు చప్పుడు ఇల్లంతా వినపడుతుంది.